నూనె తొట్టిలో ఎక్కడెంత వేడి?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఆటోక్లేవ్ లేని చోటు ఉండదు. అందులో సీసాలనూ రబ్బరు మూతలనూ పరికరాలనూ ఒత్తిడితో కూడిన ఆవిరిలో, మామూలుగా 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నిర్ణీత సమయం ఉంచి సూక్ష్మజీవుల్ని చంపుతారు. లెక్కల్లో వాడే సూత్రం ప్రకారం అక్కడ ఒక్క డిగ్రీ తగ్గితే వాటిని చంపే వేగం సుమారు ఐదో వంతు పడిపోతుంది. అందుకే లోపల వేడి ఎంత చేరిందో తెలుసుకోవడానికి అక్కడక్కడా సన్నటి సెన్సర్లు పెడతారు. ఆ సెన్సర్లు చెప్పేది నిజమో కాదో తేల్చేది క్యాలిబ్రేషన్ ల్యాబ్. అక్కడ ఆ పని జరిగేది బాత్‌లో, అంటే సిలికాన్ ఆయిల్ నింపి, అడుగున హీటరూ లోపల తిరిగే స్టిర్రరూ పెట్టిన స్టీలు తొట్టిలో.

సెన్సర్‌ను ఆ నూనెలో ముంచుతారు. దాని పక్కనే, ఇంతకుముందే పైస్థాయి ల్యాబ్‌లో సరిచూసి సర్టిఫికెట్ తెచ్చుకున్న రిఫరెన్స్ థర్మామీటర్ను ముంచుతారు. రెండూ ఎంత చూపిస్తున్నాయో పోలుస్తారు. చెప్పడానికి ఇంతే. కానీ ఈ పోలికంతా ఒక నమ్మకం మీద నిలబడింది: రెండింటి కొసలూ ఒకే వేడిలో ఉన్నాయన్న నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం సంపాదించాకే బాత్‌ను పనిలోకి దించాలి. చూడాల్సినవి రెండు. ఒకేచోట వేడి కాలంతో పాటు ఎంత ఊగుతోంది అన్నది మొదటిది, దాన్ని స్టెబిలిటీ అంటారు. ఒకే సమయంలో ఒకచోటికీ మరోచోటికీ ఎంత తేడా ఉంది అన్నది రెండోది, అది యూనిఫార్మిటీ.

బాత్ ముందున్న డిస్‌ప్లే 121.00 అని కదలకుండా చూపిస్తుంటే చాలదా? చాలదు. ఆ అంకె కంట్రోలర్‌కి కట్టిన ఒకే ఒక్క సెన్సర్‌ది. అది గోడ దగ్గరో హీటర్ దగ్గరో ఉంటుంది. కంట్రోలర్ పనల్లా తన సెన్సర్‌ని 121 దగ్గర నిలబెట్టడమే, తొట్టి మధ్యలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. పైగా కొన్ని డిస్‌ప్లేలు చిన్న చిన్న ఊగులాటల్ని సగటు తీసి దాచేస్తాయి. డిస్‌ప్లేనే రిఫరెన్స్‌గా రాసుకునే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. ఆ పద్ధతి నాకు నచ్చదు. అయినా అలాగే చేయదలిస్తే వాళ్లకు ఈ పరీక్ష ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్ల దగ్గర డిస్‌ప్లేను పట్టుకునే మరో సాక్షి లేదు.

పరీక్షకు కావాల్సింది రెండు మంచి ప్లాటినం ప్రోబ్‌లు, డిగ్రీలో వెయ్యో వంతు దాకా చదివే ఒక మీటరు. పీటీ-100 రకం ప్రోబ్ అయితే 121 డిగ్రీల దగ్గర దాని నిరోధం సుమారు 146.4 ఓములు ఉంటుంది. డిగ్రీలో నూరో వంతు మారితే ఆ నిరోధం ఓములో వెయ్యి వంతులకు నాలుగు వంతులు కూడా మారదు. కనుక మామూలు మల్టీమీటర్ పనికిరాదు.

ముందు స్టెబిలిటీ. ఒక ప్రోబ్‌ను తొట్టి మధ్యలో, సెన్సర్లు పెట్టే లోతులోనే కదలకుండా బిగించి, బాత్‌ను 121కి పెట్టి వదిలేయాలి. డిస్‌ప్లే 121కి చేరిన నిమిషంలో రీడింగులు మొదలుపెట్టడం ఈ పనిలో బాగా కనిపించే తొందరపాటు. అప్పటికి నూనె వేడెక్కినా తొట్టి గోడలు, మూత, బిగించిన స్టాండు ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి. గడియారం చూసి అరగంట ఆగడం కన్నా, వరసగా రెండు పది నిమిషాల సగటులు డిగ్రీలో వెయ్యి వంతులకు రెండు వంతులకు మించి తేడా లేకుండా వచ్చేదాకా ఆగడం మేలు. ఆ తర్వాత అరగంట పాటు పది సెకన్లకొక రీడింగు తీసుకోవాలి.

ఒక ఉదాహరణ కట్టుకుని చూద్దాం. అరగంటలో అతి తక్కువ 121.001, అతి ఎక్కువ 121.009 వచ్చాయనుకుందాం. మొత్తం ఊగు 0.008 డిగ్రీ. గ్రాఫు గీస్తే అది పిచ్చిగీతలా కాక నాలుగు నిమిషాలకొకసారి లేచిపడే అలలా కనిపించింది. అంత క్రమంగా వచ్చే అల కంట్రోలర్ హీటర్‌ను హెచ్చుతగ్గులు చేయడం వల్ల వచ్చేది. అల పెద్దదైతే కంట్రోలర్ సెట్టింగులు సరిచేయాలి. అల లేకుండా గీత ఒకే దిక్కుకు జారుతుంటే బాత్ ఇంకా కుదురుకోలేదనో, గదిలో ఏసీ గాలి మారిందనో అర్థం.

ఈ చిన్న అలకు ఒక చిక్కు ఉంది. మీటరు రెండు ప్రోబ్‌లను ఒకేసారి చదవదు, ఒకటి చదివి రెండోదానికి వెళుతుంది. మధ్యలో ఇరవై సెకన్లు గడిస్తే, ఆ అల వాలు బాగా ఉన్నచోట బాత్ వేడి వెయ్యి వంతులకు రెండు వంతులు మారిపోవచ్చు. బాత్‌లో లేని తేడా కాగితం మీద పుడుతుంది. అందుకని మొదటి ప్రోబ్, రెండోది, మళ్లీ రెండోది, మళ్లీ మొదటిది అన్న వరసలో సమాన విరామాలతో చదివి సగటు తీస్తారు. నిలకడగా జరిగే జారుడు అలా కొట్టుకుపోతుంది.

ఇక యూనిఫార్మిటీ. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒకే ప్రోబ్‌ను ఒక్కోచోటికి జరుపుతూ చదివితే, కనిపించిన మార్పు చోటు మారినందుకా, బాత్ ఈలోగా ఊగినందుకా తెలియదు. కనుక ఒక ప్రోబ్ మధ్యలో కదలకుండా కాపలా ఉంటుంది, రెండోది తిరుగుతుంది. రాసుకునేది రెండింటి మధ్య తేడా మాత్రమే. బాత్ మొత్తం కాస్త పైకి పోయినా రెండూ కలిసే పోతాయి కాబట్టి తేడా చెడదు.

ముందు రెండింటినీ మధ్యలోనే, ఒకే లోతులో, పక్కపక్కన పెట్టాలి. మన ఉదాహరణలో తిరిగే ప్రోబ్ 0.012 డిగ్రీ ఎక్కువ చూపించింది. ఇది బాత్ తప్పు కాదు, ప్రోబ్‌ల మధ్య పుట్టుకతో ఉన్న తేడా. ఇక ముందు ప్రతి తేడాలోంచీ దీన్ని తీసేయాలి. ఆ లోతులోనే నాలుగు మూలలకూ తిప్పితే, తీసివేత తర్వాత మధ్యతో పోలిస్తే -0.003 నుంచి +0.003 దాకా వచ్చింది. అడ్డంగా బాత్ బాగానే ఉంది. తర్వాత లోతు మార్చాం. మధ్య ప్రోబ్ కొస నూనె మట్టానికి 180 మిల్లీమీటర్ల కింద ఉంది. తిరిగే ప్రోబ్‌ను 220 దగ్గర పెడితే +0.002, 140 దగ్గర -0.008, 100 దగ్గర -0.031.

చివరి అంకె దగ్గర ఆగాలి. నూనె పైభాగం గదిగాలికి దగ్గర కాబట్టి చల్లగా ఉండటం సహజమే. కానీ మరో అనుమానం కూడా ఉంది. ప్రోబ్ లోహపు గొట్టం, దాని పైసగం బాత్ బయట గదివేడిలో ఉంది. ఆ గొట్టం వెంట వేడి పైకి పారిపోతుంది. తక్కువ లోతులో ముంచితే కొస దాకా ఆ ప్రభావం చేరి ప్రోబ్ తక్కువ చూపిస్తుంది. అంటే చల్లగా ఉన్నది నూనె కాకపోవచ్చు, ప్రోబే కావచ్చు. తేల్చడానికి, ఆరు మిల్లీమీటర్ల ప్రోబ్ బదులు మూడు మిల్లీమీటర్ల సన్న ప్రోబ్‌తో, దాని పుట్టుక తేడా ముందే కొలుచుకుని, అదే కొలత మళ్లీ చేయాలి. సన్నదానితో -0.012 మాత్రమే వచ్చిందనుకోండి. మిగిలిన తేడాలో చాలాభాగం లావు గొట్టం మోసుకుపోయిన వేడి అన్నమాట. బాత్‌ను తిట్టేముందు ప్రోబ్‌ను అనుమానించడం ఈ పనిలో పాత అలవాటు, మంచి అలవాటు. కారణం ఏదైనా, అలాంటి సెన్సర్లను పైపైన ముంచకూడదన్నది తేలింది.

చివర్లో తిరిగే ప్రోబ్‌ను మళ్లీ మధ్యకు తెచ్చి చూడాలి. మొదట 0.012 ఉన్నది ఇప్పుడు 0.013 అయితే ఫరవాలేదు. 0.030 అయితే దారిలో ప్రోబ్ ఎక్కడో తగిలి దెబ్బతిన్నదని అనుకుని, తీసిన అంకెలన్నీ పక్కన పెట్టేయాలి.

ఇప్పుడు బాత్‌లో పని చేయదగ్గ చోటును గీసుకోవచ్చు: 140 నుంచి 220 మిల్లీమీటర్ల లోతు, ఆ నాలుగు మూలల మధ్య. ఆ చోటులో మధ్యతో పోలిస్తే అతి పెద్ద తేడా 0.008. తేడా ఈ హద్దుల్లో ఎక్కడైనా సమానంగా ఉండొచ్చనుకుని దాన్ని మూడు వర్గమూలంతో భాగిస్తారు, 0.0046 వస్తుంది. స్టెబిలిటీలో మొత్తం ఊగులో సగం 0.004, అలాగే భాగిస్తే 0.0023. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 0.005, రెట్టింపు చేస్తే సుమారు 0.010 డిగ్రీ. సర్టిఫికెట్‌లో రాసే అనిశ్చితిలో బాత్ వాటా ఇదీ. రిఫరెన్స్ థర్మామీటర్, మీటరు, సెన్సర్ తమతమ వాటాలు దీనికి కలుపుతాయి. వంద మిల్లీమీటర్ల లోతును కూడా చేర్చుకుంటే ఇదే వాటా 0.036కు పెరుగుతుంది.

ఆటోక్లేవ్ సెన్సర్‌కు అర డిగ్రీ దాకా సడలింపు ఉంటే, ఈ రెండు అంకెల్లో ఏదైనా పెద్దగా బాధించదని ఒప్పుకోవాలి. ప్రతి ల్యాబ్‌కీ వెయ్యో వంతుల వెంట పరుగెత్తాల్సిన పని లేదు. కానీ అదే బాత్‌లో రేపు మరో ల్యాబ్ వాళ్ల రిఫరెన్స్ థర్మామీటర్ను సరిచూస్తే 0.036 మొత్తం లెక్కను మింగేస్తుంది.

ఇదంతా దాదాపు ఖాళీ బాత్ లెక్క. అసలు పనిరోజున పది పన్నెండు సెన్సర్లను కట్టగట్టి ముంచుతారు. కట్ట నూనె ప్రవాహానికి అడ్డుపడుతుంది, నడుమ ఉన్నవాటికి నూనె అందదు. అందుకని అలాంటి కట్టతోనే పరీక్ష మరోసారి చేయాలి. కట్ట నడుమ వేడి తేడాగా ఉంటే సెన్సర్లను విడదీసి పెట్టడమో, ఒక్కోసారి తక్కువ ముంచడమో చేయాలి. నూనెలో రంధ్రాలున్న రాగి దిమ్మెను ముంచి అందులో రిఫరెన్స్‌నూ సెన్సర్లనూ కలిపి దూర్చేవాళ్లూ ఉన్నారు. దిమ్మె చిన్న ఊగులాటల్ని మింగేస్తుంది, కాకపోతే కుదురుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

121 దగ్గర నెగ్గిన బాత్ 40 దగ్గర కూడా నెగ్గుతుందనుకోకూడదు. వేడి తగ్గితే సిలికాన్ ఆయిల్ చిక్కబడుతుంది, అదే స్టిర్రర్ దాన్ని అంత బాగా కలపలేదు. ఏ ఉష్ణోగ్రతల్లో వాడతారో వాటిలో కనీసం రెండు చివర్లలోనైనా పరీక్షించాలి. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న నూనె కూడా చిక్కబడుతుంది. అది కంటికి కనిపించేలోపే పై నుంచి కిందికి ఉండే తేడాలో కనిపిస్తుంది: పోయిన ఏడాది 0.008 ఉన్నది ఈసారి 0.020 అయితే ముందు నూనెను, తర్వాత స్టిర్రర్ మోటారును చూడాలి. నూనె మట్టం కూడా గమనించాలి. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అంచుదాకా నింపితే 121 చేరేలోపు పొంగిపొర్లుతుంది. తడి ప్రోబ్‌ను అందులో ముంచితే పోపులో నీళ్లు పడ్డట్టే చిట్లుతుంది, కాబట్టి ముంచేముందు ప్రోబ్‌ను పొడిగుడ్డతో తుడవాలి. నూనె మార్చినా, స్టిర్రర్ మరమ్మతు చేసినా, బాత్‌ను మరో గదికి జరిపినా పాత పరీక్ష కాగితం చెల్లదు. కొత్తగా గీసిన చోటును, లోతుల అంకెలతో సహా, బాత్ మూత మీదే అంటిస్తే రేపు డ్యూటీకి వచ్చే టెక్నీషియన్ ఫైలు వెతకకుండా సెన్సర్‌ను ఎంత లోతుకు దించాలో చూసుకుంటాడు.