కవర్ సాంగ్ ఒరిజినల్‌ని ఎప్పుడు దాటుతుంది? డిలన్ పాట, హెండ్రిక్స్ గాలి

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకొక చిన్న పని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని "ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్" అనే పాట రెండు సార్లు వినండి. మొదట బాబ్ డిలన్ పాడింది, తర్వాత జిమీ హెండ్రిక్స్ పాడింది. రెండూ కలిపినా ఏడు నిమిషాలు దాటవు. విన్నాక ఇక్కడికి రండి.

విన్నారా? చాలామంది అనే మాట ఒకటే: "హెండ్రిక్స్‌దే బాగుంది, గిటార్ అదిరిపోయింది." నిజమే. కానీ గిటార్ బాగా వాయించినంత మాత్రాన కవర్ గొప్పదైపోదు. వేగంగా, గట్టిగా వాయించిన కవర్లు బోలెడు ఉన్నాయి, వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మరి ఇందులో ఏం జరిగింది?

ముందు డిలన్ పాట చూద్దాం. 1967 నవంబర్‌లో అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డ్ చేశాడు. స్టూడియోలో వాయించింది ముగ్గురే. డిలన్ దగ్గర గిటార్, మౌతార్గాన్ ఉన్నాయి. మిగతా ఇద్దరిలో ఒకరిది బేస్, ఒకరిది డ్రమ్స్. పాట రెండున్నర నిమిషాలు. మూడు చరణాలు, పల్లవి లేదు. మొదటి నుంచి చివరి దాకా తిరిగేవి అవే మూడు కార్డ్స్. చరణానికీ చరణానికీ మధ్య మౌతార్గాన్ వస్తుంది.

ఇక కథ. మొదటి రెండు చరణాల్లో ఒక విదూషకుడు, ఒక దొంగ మాట్లాడుకుంటారు. మూడో చరణంలో సీన్ ఒక్కసారిగా మారుతుంది. కోట బురుజు మీద రాకుమారులు కాపలా కాస్తుంటారు. దూరం నుంచి ఇద్దరు గుర్రాల మీద వస్తుంటారు. గాలి హోరెత్తడం మొదలవుతుంది. అంతే, పాట అయిపోయింది! ఆ వచ్చేవాళ్ళు ఎవరు? మొదట మాట్లాడుకున్న ఆ ఇద్దరేనా? వచ్చి ఏం చేస్తారు? డిలన్ చెప్పడు. అసలు కథ మొదలవ్వాల్సిన చోట పాట ఆపేశాడన్నమాట.

పాటలో ఖాళీ అంటే ఇదే. డిలన్ తెలియక వదిలేసింది కాదు, కావాలనే వదిలాడు. ఆ పొడిపొడిగా చెప్పే తీరులో ఒక భయం ఉంది. అందుకే ఒరిజినల్‌ని తక్కువ చేసి చూడొద్దు.

ఆ ఆల్బమ్ 1967 డిసెంబర్ చివర్లో వచ్చింది. నెల తిరక్కుండానే, 1968 జనవరిలో, హెండ్రిక్స్ లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఈ పాట రికార్డింగ్ మొదలుపెట్టాడు. బేస్ గిటార్ కూడా తనే వాయించాడు. తర్వాత న్యూయార్క్‌లో దాని మీద ఇంకా గిటార్ పొరలు చేర్చాడు.

ఇప్పుడు అసలు పాయింట్. హెండ్రిక్స్ ఏం మార్చలేదో ముందు చూడండి. కథ అదే. చరణాల వరుస అదే. తిరిగే కార్డ్స్ కూడా అవే. డిలన్ మౌతార్గాన్ పెట్టిన చోట హెండ్రిక్స్ గిటార్ పెట్టాడు. ఇల్లు అదే, గోడలు కదపలేదు.

మార్చింది ఆ ఖాళీ చోట్లలో. రెండో చరణం అయ్యాక, అంటే ఆ ఇద్దరి మాటలు ముగిశాక, దాదాపు ఒక నిమిషం గిటార్ సోలో వస్తుంది. జాగ్రత్తగా వింటే అందులో నాలుగు ముక్కలు వినిపిస్తాయి. మొదట మామూలు గిటార్. తర్వాత స్లైడ్, అంటే తీగ మీద గట్టి వస్తువును జారుస్తూ వాయించడం. అప్పుడు స్వరం ఎక్కడో దూరంగా తేలుతున్నట్టు ఉంటుంది. మూడోది వా-వా పెడల్. కాలితో నొక్కుతుంటే గిటార్ నోరు తెరిచి మూస్తున్నట్టు మాట్లాడుతుంది. నాలుగో ముక్కలో విడి స్వరాలు తగ్గి, గుర్రం పరుగులా కార్డ్స్ తోసుకొస్తాయి. అక్కడి నుంచి నేరుగా బురుజు సీన్‌లో పడతాం.

అంటే ఆ నిమిషం సోలో ఊరికే టాలెంట్ చూపించడానికి పెట్టింది కాదు. మాటలు ఆగిన చోటు నుంచి కోట దాకా జరిగే ప్రయాణం అది. ఇంకా చివర్లో చూడండి. గాలి హోరెత్తింది అని మాట పూర్తవగానే గిటార్ పైకి లేచి అరుస్తుంది. డిలన్ గాలి గురించి చెప్పి ఆపేశాడు, హెండ్రిక్స్ ఆ గాలినే వాయించాడు. పాట లోపల ఉన్నదాన్నే బయటికి తీశాడు. పునర్వ్యాఖ్యానం అంటే నా దృష్టిలో ఇదే.

తర్వాత ఏమైందంటే, డిలన్ 1974 టూర్‌లో తన పాటనే హెండ్రిక్స్ దారిలో, గట్టి రాక్ పద్ధతిలో పాడాడు. రాసినవాడే కవర్ వైపు నడిచాడు!

మరి అనుకరణ అంటే? దానికీ మంచి ఉదాహరణ ఉంది. 1976లో టాడ్ రన్‌గ్రెన్ "ఫెయిత్‌ఫుల్" అనే ఆల్బమ్ చేశాడు. అందులో ఒక వైపు మొత్తం అరవైల నాటి ఆరు పాటల్ని అచ్చు గుద్దినట్టు మళ్ళీ తయారు చేశాడు. అందులో డిలన్ పాట ఒకటి, హెండ్రిక్స్ పాట ఒకటి ఉన్నాయి. పనితనం చూస్తే దిమ్మ తిరుగుతుంది. కానీ విన్నాక "ఎలా చేశాడబ్బా" అనుకుని మళ్ళీ ఒరిజినల్‌కే వెళ్తాం. పాట గురించి కొత్తగా ఏమీ తెలియదు. నేర్చుకోవడానికి అనుకరణ మంచి దారే, కాకపోతే అక్కడితో ఆగితే ఒరిజినల్‌ని దాటడం కుదరదు.

అయితే పాటని పెద్దది చేస్తేనే గొప్ప కవర్ అవుతుందా? కాదు. జానీ క్యాష్ పాడిన "హర్ట్" వినండి. 1994లో వచ్చిన ఈ పాటని నైన్ ఇంచ్ నెయిల్స్ కోసం ట్రెంట్ రెజ్నర్ రాసేనాటికి అతనికి ముప్పై కూడా నిండలేదు. అతని పాటలో గుసగుస గొంతు వెనక రొద ఉంటుంది, చివర్లో గిటార్ శబ్దం బద్దలవుతుంది. 2002లో వచ్చిన క్యాష్ రికార్డింగ్‌లో ఆ రొద లేదు. గిటార్, ఒకే స్వరాన్ని కొట్టుకుంటూ పెరిగే పియానో, జబ్బుతో బలహీనపడిన డెబ్బై ఏళ్ళ గొంతు. ఒక బూతు మాట తీసేసి ముళ్ళ కిరీటం అని మార్చాడు, అంతే. కుర్రాడు పాడితే తనను తాను నాశనం చేసుకుంటున్నవాడి పాట. ముసలాయన పాడితే జీవితమంతా వెనక్కి చూసుకుంటున్నవాడి లెక్క. మాటలు దాదాపు అవే, అర్థం మారిపోయింది. హెండ్రిక్స్ కలిపాడు, క్యాష్ తీసేశాడు. కానీ ఇద్దరికీ కారణం పాటలోనే దొరికింది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వేగంగా ఉన్న రాక్ పాట తీసుకుని, నెమ్మది చేసి, పియానో పెట్టి, ఊపిరి వినిపించేలా పాడి "నా వెర్షన్" అంటారు. మార్పు ఉంది, కానీ పాటలో ఏ మాట ఆ మార్పుని అడిగింది? జవాబు లేకపోతే అది బట్టలు మార్చడమే. తేల్చుకోవడానికి ఒక సులువు ఉంది. అదే మార్పుని ఇంకో పది పాటలకి అతికించి చూడండి. అన్నిటికీ సరిపోతే అది ఈ పాట కోసం పుట్టింది కాదు. హెండ్రిక్స్ చివర్లో వాయించిన ఆ గాలిని వేరే పాటలో పెట్టి చూడండి, అర్థమే ఉండదు.

కాబట్టి మీరు కవర్ రికార్డ్ చేసి అప్‌లోడ్ చేసే ముందు పాటని కాగితం మీద రాసుకోండి. రాసినవాడు ఎక్కడ ఆగిపోయాడో వెతకండి. మీకు చోటు ఉన్నది అక్కడే.

ఈసారికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.