తిరిగి వచ్చిన పార్సెలు ఖరీదెంత?

ఒకప్పుడు వి.పి.పి. ద్వారా పుస్తకాలు తెప్పించుకున్నవారికి ఈ వ్యవహారం కొత్త కాదు. పోస్టుమాన్‌కు సొమ్ము చెల్లిస్తే కట్ట చేతికి వస్తుంది; వద్దంటే వచ్చిన దారినే వెనుదిరుగుతుంది. నేడు ఇంటర్నెట్‌లో సరుకు అమ్మే చిన్న వర్తకుడు ‘క్యాష్ ఆన్ డెలివరీ’ పేరిట ఎదుర్కొంటున్నదీ ఇదే.

రవాణా సంస్థ ప్రతినిధి అతని వద్దకు వచ్చి, నూటికి తొంభై పార్సెళ్ళు సకాలంలో చేరుస్తామంటాడు. ఆ నూరు ఏ నూరో అడగాలి. చేరినవాటిలో వేళకు చేరినవెన్ని అన్నది ఒక లెక్క; బయలుదేరినవాటిలో సొమ్ముగా మారినవెన్ని అన్నది వేరొక లెక్క. వర్తకుడికి కావలసింది రెండవది.

మంగళగిరి చీరలు అమ్మే ఒక వర్తకుడు నూరు పార్సెళ్ళు పంపాడనుకుందాం. పోవడానికి ఒక్కొక్కదానికి 70 రూపాయలు, తిరిగి రావడానికి 60. ఇరవై అయిదు వెనక్కి వచ్చాయి. మొత్తం ఖర్చు 8,500 రూపాయలు. అమ్ముడైన చీరలు 75. అంటే ఒక్కో చీరపై రవాణా భారం 70 కాదు, సుమారు 113. తిరిగివచ్చేవి పదిహేనుకు తగ్గితే అది దాదాపు 93కు దిగుతుంది. కిలోకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడటం కంటె ఇది మేలు.

ఎలా తగ్గుతుంది? పార్సెలు చేరనినాడు బట్వాడా కుర్రవాడు ఒక కారణం నమోదు చేస్తాడు: ఇంట్లో లేరు, చిరునామా దొరకలేదు, వద్దన్నారు. అన్నీ నిజం కావు. రాత్రి పొద్దుపోయాక, పది నిమిషాల వ్యవధిలో, వేర్వేరు వీధుల పార్సెళ్ళన్నిటికీ ‘ఇంట్లో లేరు’ అని పడితే అతడు గడప తొక్కలేదనే అనుమానించాలి. నిజాయితీగల సంస్థ ఆ కారణాన్ని అదే రోజు వర్తకుడికి తెలుపుతుంది. అతడు కొనుగోలుదారుకు ఫోన్ చేసి, గుడి పక్క సందు అనో, సాయంత్రం రమ్మనో గుర్తు చెబితే మర్నాడు మళ్ళీ వెళుతుంది. ‘వద్దన్నారు’ అని వ్రాయాలంటే కొనుగోలుదారు ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పాలనే నియమం ఉంటే బొంకుకు తావు తగ్గుతుంది. అయినా ఆవేశంలో ఆర్డరు పెట్టి మనసు మార్చుకున్నవారిని ఏ సంస్థా మార్చలేదు.

అందుకున్న తరువాత నచ్చలేదని వాపసు ఇచ్చే సరుకు మరొక తంతు. తీసుకోవడానికి వెళ్ళినవాడు ఫొటోతో రంగు, అంచు సరిచూస్తాడు. చీటీ తెగిందా అని చూస్తాడు. కట్టి విడిచిన చీరను మడత పెట్టి ఇస్తే కనిపెట్టడం అతని వల్ల కాదు, జరీ మంచిచెడ్డలు అసలే తెలియవు. కనుక వర్తకుడు పంపేటప్పుడు తూకం ఫొటో తీసి ఉంచుకోవాలి. వాపసు కట్టను సీలు కనబడేలా, ఆపకుండా వీడియో తీస్తూ విప్పాలి. ఫిర్యాదు ఎన్ని రోజుల్లోగా చేయాలో, పోయిన సరుకుకు గరిష్ఠంగా ఎంత చెల్లిస్తారో ఒప్పందంలో చిన్న అక్షరాలలో ఉంటుంది. సంతకానికి ముందు చదవవలసిన పుట అదే.