చావు ఒకటే, మాటలు ఎన్నో

పత్రికలో రోడ్డు ప్రమాద వార్తకు ‘ఇద్దరి మృతి’ అని శీర్షిక పెడతారు. పేరున్న నటుడు పోతే ‘కన్నుమూత’ అంటారు. జరిగింది ఒకటే, ప్రాణం పోవడం. అది వాచ్యార్థం. మొదటి మాటలో సమాచారం వినిపిస్తుంది, రెండోదానిలో గౌరవం, దిగులు వినిపిస్తాయి. ఇది భావచ్ఛాయ.

తేడా తెలియాలంటే మాట మార్చి చూడాలి. ‘దోమ చచ్చింది’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. ‘దోమ కన్నుమూసింది’ అంటే నవ్వొస్తుంది. అదే ‘మీ తాతగారు చచ్చారు’ అంటే, చివర గౌరవవాచకం ఉన్నా తిట్టినట్టే. నిజానికి ‘చనిపోవడం’ కూడా ఒకప్పటి మెత్తని మాటే. ‘చను’ అంటే వెళ్లడం. వాడగా వాడగా అది మామూలు మాటైపోయింది.

‘పరమపదించారు’ సంగతి వేరు. అందులో వైకుంఠం చేరారన్న నమ్మకం ఉంది కనుక శైవులు ‘శివైక్యం’ అంటారు. అక్కడ మారేది ఛాయ ఒక్కటే కాదు, అర్థం కూడా.

అయితే ఏ మాట బరువూ స్థిరం కాదు. పరీక్ష హాలు బయట స్నేహితులు ‘చచ్చాంరా’ అనుకుంటే అందులో అవమానం లేదు. పరామర్శకు వెళ్లినప్పుడు మాత్రం ఆ ఇంటివాళ్లు వాడే మాటే మీరూ వాడండి.