సొసైటీ షేర్ డబ్బు చేతికి రావాలంటే

"నేను రిటైరయ్యాను. నా షేర్ డబ్బు ఇప్పించగలరు." ఉద్యోగుల పరపతి సంఘానికి ఇలా ఒక్క ముక్క రాసిచ్చి, ఆనక నెలల తరబడి తిరిగేవాళ్లు కొందరుంటారు. ఆ అర్జీలో సభ్యత్వం వదులుకుంటున్నట్టు ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే.

షేర్ డబ్బు బ్యాంకులో వేసిన డిపాజిట్ లాంటిది కాదు, సంఘం మూలధనంలో సభ్యుడి వాటా. దానికి వడ్డీ ఉండదు. లాభమొస్తే డివిడెండ్ ఇస్తారు. సభ్యుడిగా ఉన్నంతకాలం దాన్ని వెనక్కి అడగడం మామూలుగా కుదరదు. అందుకే ఉత్తరంలో ముందు రాజీనామా రావాలి, ఆ తర్వాతే డబ్బు మాట. పాలకవర్గం సమావేశమై రాజీనామాను ఆమోదిస్తూ తీర్మానం చేశాకే కార్యదర్శి లెక్క తేలుస్తారు.

ఒక లెక్క చూద్దాం. ఒక ఉద్యోగికి షేర్ ధనం 12,000 రూపాయలు, నెలనెలా జీతంలో కోసిన పొదుపు 48,000 ఉన్నాయనుకుందాం. తీసుకున్న అప్పులో వడ్డీతో కలిపి ఇంకా 9,500 బాకీ. అది మినహాయిస్తే చేతికొచ్చేది 50,500. షేర్, పొదుపు వేర్వేరు ఖాతాలు కాబట్టి అర్జీలో రెండూ విడివిడిగా రాయాలి. "నా డబ్బు" అని ఊరుకుంటే ఒకటిచ్చి రెండోది పెండింగులో పెట్టే వీలుంది.

పనికొచ్చే ఉత్తరం ఇంతే:

"అధ్యక్షులు గారికి, సభ్యత్వ నంబరు ఫలానా గల నేను పదవీ విరమణ చేసినందున సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఆమోదించి, నా అప్పు బాకీ మినహాయించుకుని, మిగిలిన షేర్ ధనం, పొదుపు మొత్తం, రావలసిన డివిడెండ్ నా బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు. షేర్ సర్టిఫికెట్, పాస్‌బుక్ జతపరిచాను."

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి ఫైలు కదలదు. ఎక్కువగా అడ్డుపడేది జామీను సంతకం. ఎప్పుడో తోటి ఉద్యోగి అప్పుకు హామీ ఉండి మరిచిపోతారు. ఆ అప్పు తీరేదాకా, లేదా అతను వేరే జామీనుదారును చూపేదాకా సంఘం డబ్బు ఆపుతుంది. రాజీనామాకు ముందే హామీల పుస్తకంలో తన పేరు ఎక్కడెక్కడ ఉందో అడిగి చూసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది. ఇంకో అడ్డంకి బైలాలో ఉండొచ్చు. ఒక ఏడాదిలో ఇంతకు మించి షేర్ ధనం వాపసు ఇవ్వకూడదని పరిమితి పెట్టుకున్న సంఘాలున్నాయి. అలాంటిచోట వరుసలో ఆగాల్సిందే.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. కారణం చెప్పకుండా తిప్పితే, 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైతే 61వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు ముందు వివాదం వేయొచ్చు. 1995 నాటి పరస్పర సహాయ సంఘాల చట్టం కిందివాటికి దారి వేరు. కనుక రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద జరిగిందో ముందు కనుక్కోవాలి.