అక్టోబరు గడిలో ఇరవై ఎనిమిది శాతం

2025 సెప్టెంబరు 22న సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నెల మధ్యలో రేటు మారడంతో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణాల సేల్స్ రిజిస్టర్‌లో ఒకే సరుకు ఆ నెల రెండు రేట్లతో నమోదైంది. వందల వరుసల ఆ రిజిస్టర్ నుంచి ఏ నెలలో ఏ రేటు మీద ఎంత అమ్మారో, ఎంత పన్ను వసూలైందో తేల్చే చిన్న పట్టికకు అసలు పరీక్ష అప్పుడే ఎదురైంది.

ఈ పట్టిక యజమాని సరదాకు వేసుకునేది కాదు. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారులకు ఇచ్చిన చిన్న బిల్లులను జీఎస్టీఆర్-1లో ఒక్కొక్కటిగా చూపరు. రేటు వారీగా, రాష్ట్రం వారీగా మొత్తాలే ఇస్తారు. నెలనెలా రిటర్ను వేసేవారికి గడువు మరుసటి నెల 11.

ముందుగా రిజిస్టర్ ఎలా ఉందో చూడాలి. బిల్లుకు ఒకే వరుస ఉంటే పని చెడుతుంది. పాత రేట్ల కాలంలో ఒకే బిల్లులో పది వేల సిమెంటు, పది వేల ఇసుక ఉన్నాయనుకోండి. సిమెంటుకు 28 శాతం చొప్పున 2,800, ఇసుకకు 5 శాతం చొప్పున 500, మొత్తం పన్ను 3,300. రెండూ ఒకే వరుసలో కలిస్తే రేటు 16.5 శాతంగా తేలుతుంది. అలాంటి రేటు జీఎస్టీలో లేదు. అందుకే ఒక బిల్లులో ఎన్ని రేట్లుంటే అన్ని వరుసలు ఉండాలి.

తర్వాత నెల కోసం ఒక కొత్త కాలమ్ పెట్టాలి. తేదీ B కాలమ్‌లో ఉంటే సూత్రం ఇది:

```
=TEXT(B2,"yyyy-mm")
```

సంవత్సరం కూడా ఉండటం వల్ల నిరుటి సెప్టెంబరు, ఈ సెప్టెంబరు కలిసిపోవు. ఆపైన Insert లో PivotTable ఎంచుకుని Rows లో రేటు, Columns లో నెల, Values లో పన్నుకు ముందు విలువ, పన్ను మొత్తం పెడితే పట్టిక సిద్ధం.

ఒక దుకాణం లెక్కే తీసుకుందాం. సెప్టెంబరు 21 వరకు సిమెంటు అమ్మకం ఆరు లక్షలు, పన్ను 1,68,000. 22 నుంచి నెలాఖరు దాకా సిమెంటు మూడు లక్షలు, నెలంతా ఇనుము నాలుగు లక్షలు. ఇవి రెండూ 18 శాతం వరుసలో చేరి ఏడు లక్షలు అవుతాయి, పన్ను 1,26,000. సెప్టెంబరు సరిగ్గా ఉంది. ఈ దుకాణంలో 28 శాతం పడే సరుకు సిమెంటు ఒక్కటే కాబట్టి అక్టోబరులో ఆ వరుస ఖాళీగా ఉండాలి. కానీ అక్కడ అంకె కనబడింది. దానికి మూడు కారణాలు ఉండవచ్చు.

అంకె మైనస్ అయితే, ఉదాహరణకు విలువ మైనస్ 20,000, పన్ను మైనస్ 5,600 అయితే, కంగారు అక్కర్లేదు. సెప్టెంబరు మొదట్లో కొన్న బస్తాలను కొనుగోలుదారు అక్టోబరులో తిప్పి పంపాడు. క్రెడిట్ నోట్ రాసింది అక్టోబరులోనే అయినా, అసలు బిల్లులో వేసిన రేటే దానికీ వర్తిస్తుంది. తప్పేమో అనుకుని దాన్ని 18 వరుసలోకి మార్చడమే అసలు తప్పు.

అంకె ప్లస్ అయితే బిల్లు నంబరు చూడాలి. నంబరు సెప్టెంబరు బిల్లుల మధ్యది అయితే నేరం తేదీదే. మనం రాసే 10/09/2025ను అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు అక్టోబరు 9గా చదువుతుంది. అదే కంప్యూటరు 25/09/2025ను తేదీగా గుర్తించలేక అక్షరాలుగా వదిలేస్తుంది. అందుకే పై సూత్రం వేసిన పట్టికలో నెలల పక్కన పూర్తి తేదీలు విడి కాలమ్‌లుగా కనబడితే అది పెద్ద ఆధారం. ఆ తేదీలను మాత్రమే సరిదిద్దితే చాలదు, నెల తారుమారైనవి నిజమైన తేదీల్లా కనబడుతూ దాక్కుని ఉంటాయి. తేదీల క్రమాన్ని రోజు-నెల-సంవత్సరంగా చెప్పి రిజిస్టర్‌ను మళ్లీ దించుకోవడమే దారి.

నంబరు నిజంగా అక్టోబరుదే అయితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత రేటు అలాగే ఉండిపోయిందన్నమాట. కొనుగోలుదారు నుంచి పది శాతం ఎక్కువ తీసుకున్నారు. పన్ను పేరుతో వసూలు చేసిన డబ్బు దుకాణం దగ్గర ఉండకూడదు. క్రెడిట్ నోట్ ఇచ్చి ఆ తేడా అతనికి తిరిగి ఇవ్వడమే న్యాయం.

చివరగా మరో తనిఖీ. D లో రేటు, E లో విలువ, F లో పన్ను ఉంటే ప్రతి వరుస పక్కన ఇది వేయాలి:

```
=ROUND(E2*D2/100,2)-F2
```

పైసల తేడాలు వస్తాయి, అవి సహజం. రూపాయల్లో తేడా వచ్చిన వరుసలను మాత్రం అసలు బిల్లుతో పోల్చి చూసి, ఆ తర్వాతే రిటర్ను వేయండి.