సర్, VLOOKUP పనిచేయట్లేదు!

ఆన్‌లైన్‌లో ఎక్సెల్ నేర్పే మాస్టార్లకు తరచూ వచ్చే డౌట్ ఇది: “సర్, VLOOKUP పనిచేయట్లేదు. అర్జెంట్, ప్లీజ్.” ఆ అర్జెంట్ నిజమే కావచ్చు. కానీ మాస్టారికి అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

రోల్ నంబరు ఇస్తే పట్టికలో వెతికి మార్కులు తెచ్చే ఫార్ములా VLOOKUP. అది చెడిపోయే తీరును బట్టి ఎక్సెల్ వేరువేరు గుర్తులు చూపిస్తుంది. #NAME? వస్తే ఫార్ములా పేరు తప్పు కొట్టి ఉండొచ్చు. #REF! వస్తే మూడు కాలమ్‌ల పట్టికలో నాలుగో కాలమ్ అడిగి ఉండొచ్చు. #N/A అంటే అడిగింది పట్టికలో దొరకలేదని. ఏ ఎర్రరూ లేకుండా పక్కవాడి మార్కులు వచ్చాయంటే, చివర FALSE మరిచిపోయారేమోనని చూడాలి. “పనిచేయట్లేదు” అనేస్తే ఇవన్నీ ఒకే గంపలో పడతాయి. ఏ ఎర్రరని మాస్టారు ఈరోజు అడిగి, ఫార్ములా పంపమని రేపు అడిగితే, అసలు జవాబు ఎల్లుండికి పోతుంది.

అదే డౌట్‌ను ఒక డిగ్రీ విద్యార్థిని ఇలా పంపిందనుకుందాం:

“సర్, నమస్తే. VLOOKUP వీడియోలో మీరు చేసినట్టే మార్కుల షీట్ చేస్తున్నాను. F2లో రోల్ నంబరు 1047 టైప్ చేశాను. G2లో మార్కులు రావాలి, #N/A వస్తోంది. ఫార్ములా కింద పెట్టాను. Ctrl+F కొడితే 1047 A48లో కనిపిస్తోంది. A కాలమ్ ఫార్మాట్‌ను Numberకి మార్చినా తేడా లేదు. =A48=F2 అని వేస్తే FALSE వచ్చింది. A కాలమ్ కాలేజీ సాఫ్ట్‌వేర్ నుంచి డౌన్‌లోడ్ చేసింది. రెండూ ఒకే నంబరు కదా, ఎందుకు సమానం కావట్లేదు?”

```
=VLOOKUP(F2,$A$2:$C$61,3,FALSE)
```

చివరి వాక్యం చూడండి. అడిగింది VLOOKUP గురించి కానేకాదు. చేసి చూసినవి రాసుకుంటూ పోయేసరికి అసలు ప్రశ్న దానంతటదే బయటపడింది. ఫార్ములాలో తప్పు లేదని మాస్టారికి చూడగానే తెలుస్తుంది. డౌన్‌లోడ్ చేసిన షీటు, FALSE అన్న జవాబు కలిపి చూస్తే, A48లో ఉన్నది అంకె కాదు, అంకెలా కనిపించే టెక్స్ట్ అని అనుమానం వస్తుంది. ఫార్మాట్ మార్చినా లాభం లేకపోయిందని ముందే చెప్పింది కాబట్టి ఆ సలహాతో ఒక రోజు పోదు. ఫార్మాట్ మార్చినంత మాత్రాన అప్పటికే టెక్స్ట్‌గా ఉన్నది అంకెగా మారదు. A కాలమ్ సెలెక్ట్ చేసి, Data ట్యాబ్‌లో Text to Columns తెరిచి నేరుగా Finish కొడితే సాధారణంగా మారిపోతుంది. జవాబు రెండు ముక్కల్లో అయిపోయింది.

ఇక స్క్రీన్‌షాట్. మానిటర్‌ని ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో ట్యూబ్‌లైట్ మెరుపు తప్ప ఏమీ కనిపించదు. విండోస్‌లో Win+Shift+S నొక్కితే కావలసినంత మేర కత్తిరించుకోవచ్చు. నొక్కేముందు ఎర్రర్ వచ్చిన గడి మీద ఒకసారి క్లిక్ చేయాలి. అప్పుడే పైన ఫార్ములా బార్‌లో ఫార్ములా కనిపిస్తుంది. ఎర్రర్ గడి ఒక్కటే కత్తిరించి పంపితే ఉపయోగం లేదు. A, B, C అక్షరాలు, పక్కన వరస నంబర్లు, A48, F2 అన్నీ పడాలి. పడితే మాస్టారి కళ్లు ముందు అంకెలు ఏ వైపు ఉన్నాయో చూస్తాయి. మనం అలైన్‌మెంట్ మార్చకపోతే అంకె గడిలో కుడివైపుకు, టెక్స్ట్ ఎడమవైపుకు చేరుతుంది. టెక్స్ట్‌గా ఉన్న అంకె గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా మామూలుగా ఉంటుంది. దాన్ని విద్యార్థిని గమనించకపోయినా బొమ్మ చెప్పేస్తుంది. అయినా ఫార్ములాను టైప్ చేసి కూడా పంపాలి, బొమ్మలోంచి కాపీ చేసుకోవడం కష్టం.

బొమ్మ చూపించలేనిదీ ఒకటుంది. 1047 తర్వాత ఒక స్పేస్ ఉన్నా #N/Aనే వస్తుంది, ఆ స్పేస్ ఏ స్క్రీన్‌షాట్‌లోనూ కనబడదు. అందుకు =LEN(A48) వేసి చూడాలి. నాలుగు అంకెలకు 5 వచ్చిందంటే కనబడని అక్షరం ఏదో ఉన్నట్టే, ఆ 5ని కూడా డౌట్‌లో రాయాలి. అప్పటికీ తేలకపోతే, తప్పు చూపిస్తున్న రెండు మూడు వరసలను వేరే ఫైల్‌లోకి కాపీ చేసి, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, ఆ ఫైలే పంపడం మేలు. రోల్ నంబర్లను మాత్రం మళ్లీ టైప్ చేయకూడదు. టైప్ చేస్తే అవి మామూలు అంకెలైపోతాయి, మాస్టారి దగ్గర ఫార్ములా చక్కగా పనిచేసేస్తుంది.