వెబినార్‌లో మొదటి మూడు నిమిషాలు

పత్తిలో గులాబీరంగు పురుగుపై రైతులకు వెబినార్ అనుకుందాం. నిర్వాహకుడు ముందు విషయమే చెప్పాలి: "లింగాకర్షక బుట్టల్లో పడ్డ రెక్కల పురుగులను లెక్కపెట్టి, మందు ఎప్పుడు కొట్టాలో తెలుసుకుందాం." అర నిమిషం చాలు. మైకులు ఆపి ఉంచామని, ప్రశ్నలు చాట్‌లో రాయాలని ఆ వెంటనే చెప్పాలి. రికార్డింగ్ సంగతి మాత్రం బటన్ నొక్కకముందే చెప్పడం మర్యాద.

సమయాన్ని మింగేసేది వక్త పరిచయం. డిగ్రీలు, పురస్కారాలు చదివితే మూడు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. "ఈమె ఏళ్ల తరబడి పత్తి చేలల్లో ఈ పురుగునే గమనిస్తున్న శాస్త్రవేత్త" అంటే రైతు చెవి ఒగ్గుతాడు.

చివరగా నియమాలు. ఒకరికి ఒకే ప్రశ్న. అందులో చేను వయసు, బుట్టలో పడ్డ పురుగుల సంఖ్య ఉండాలి. అవి లేకుండా వక్త సరైన సలహా ఇవ్వలేరు.

ముందురోజే గడియారం పెట్టుకుని పైకి చదవండి. సమయం మించితే పరిచయాన్నే కుదించండి.